సిజేరియన్ కుట్ల మచ్చ: వారం వారం ఫొటోలు తీసి ఎలా చదవాలి, ఏ మార్పు కనబడితే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి

సిజేరియన్ జరిగిన ఐదో వారంలోనో ఆరో వారంలోనో కుట్ల మచ్చ అంతకుముందుకంటే ఎర్రబడి, కాస్త ఉబ్బి, దురద పెట్టడం మొదలవుతుంది. మూడో వారానికి సన్నని గీతలా సర్దుకున్న మచ్చ మళ్ళీ చెడిపోతోందేమోనని చాలామంది బాలింతలు కంగారు పడేది ఇక్కడే. నిజానికి ఆ సమయంలో చర్మం లోపల కొల్లాజెన్ అనే మాంసకృత్తితో కొత్త పోగులు పడుతుంటాయి, వాటికి రక్తం అందించే సన్నని నాళాలు నిండుగా ఉంటాయి, అందువల్ల మచ్చ కొన్నాళ్ళపాటు ముందుకంటే కొట్టొచ్చినట్టు కనబడటం సహజం. దీనికి పూర్తిగా ఎదురైన పొరపాటు ఇంకొన్ని నెలల తర్వాత జరుగుతుంది. అంతా మానిపోయిందని చూడటం మానేశాక, మచ్చ ఒక కొస గట్టిపడి మెల్లమెల్లగా పక్క చర్మంలోకి పాకుతున్నా, రోజూ చూసే కళ్ళకు ఆ కొద్దిపాటి తేడా పట్టదు.

ఈ రెండు పొరపాట్లనూ ఫొటోలు తప్పించగలవు, కానీ అవి ఒకే తీరున తీసినవై ఉండాలి, వాటిని చదివే క్రమం తెలిసి ఉండాలి. ఒక ఫొటో చూసి మచ్చ బాగుందనిగానీ బాగా లేదనిగానీ చెప్పడం కష్టం. నాలుగు వారాల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే మచ్చ ఏ దిక్కుగా నడుస్తోందో తెలుస్తుంది. మీరు గమనించవలసింది ఆ దిక్కునే.

మొదటి పది రోజులు వారం లెక్క పనికిరాదు

కోత చర్మం మీద అతుక్కోవడానికి పట్టే మొదటి పది రోజుల్లో వారానికి ఒక్కసారి చూడటం చాలదు. ఈ కోతకు చీము పట్టడమంటూ జరిగితే ఎక్కువగా నాలుగో రోజుకూ పదో రోజుకూ మధ్య బయటపడుతుంది. అందుచేత డ్రెస్సింగ్ తీసేసిన రోజు నుంచి రోజుకొకసారి, స్నానం చేసి పొడిగా తుడుచుకున్న తర్వాత, కోతను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూడాలి. పొట్ట కిందికి వాలి ఉండటం వల్ల నిలబడితే మీకు కోత కనబడదు, కాబట్టి అద్దం సాయం తీసుకోండి, లేదా అమ్మనో అక్కనో భర్తనో చూడమనండి. పొట్ట మడత కింద చెమట నిలిచి తడి ఆరని చోటే తరచుగా అంటు మొదలవుతుంది కనుక, చూసేవారు మడతను పైకెత్తి చూడాలి.

ఈ రోజుల్లో కోత అంచుల వెంట సన్నని ఎర్రటి గీత, కొద్దిగా వాపు, మొదటి రెండు మూడు రోజులు నీళ్ళలాంటి రసి చుక్కలుగా కారడం, కోత పైన చర్మం మొద్దుబారినట్టు ఉండటం మామూలే. ఆ మొద్దుబారడం కొందరికి నెలల తరబడి ఉంటుంది. కోత చేసినప్పుడు సన్నని చర్మనాడులు తెగడమే దానికి కారణం. రసి రోజురోజుకూ తగ్గాలి. తగ్గినది మళ్ళీ పెరిగినా, చిక్కబడినా, వాసన వేసినా అది మామూలు కాదు.

ఇక్కడే ఒక మాట. పప్పు తింటే కుట్లకు చీము పడుతుందని మన ఇళ్ళలో బాలింతకు పప్పు పెట్టరు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. చర్మం అతుక్కోవడానికి మాంసకృత్తులు కావాలి, మాంసం తినని ఇంట్లో పప్పు కూడా ఆపేస్తే అవి అందే ముఖ్యమైన దారి మూసుకుపోతుంది.

ఫొటో తీసే పద్ధతి

కుట్లు విప్పాక, లేదా లోపలే కరిగే కుట్లయితే పైన పెచ్చులు రాలాక, వారపు ఫొటోలు మొదలుపెట్టండి. ఒక రోజు, ఒక వేళ నిర్ణయించుకోండి. ఉదాహరణకు ప్రతి మంగళవారం ఉదయం పది గంటలకు, బిడ్డ పడుకున్నప్పుడు. పన్నెండు వారాల వరకు వారానికొకసారి, ఆ తర్వాత ఏడాది నిండేవరకు నెలకొకసారి తీస్తే చాలు. రోజూ తీస్తే మార్పు కనబడదు, ఆందోళన మాత్రం పెరుగుతుంది.

వెలుతురు అన్నిటికంటే ముఖ్యం. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, ఇంట్లో బల్బులన్నీ ఆర్పేసి తీయాలి. ఫ్లాష్ వద్దు. పసుపుపచ్చని బల్బు కింద తీసిన మచ్చ గోధుమరంగులోనూ, తెల్లటి ట్యూబ్‌లైట్ కింద తీసిన అదే మచ్చ నీలి ఛాయలోనూ కనబడుతుంది. పైగా ఫోన్ కెమెరా తనకు తానుగా రంగులను సరిచేస్తుంది కాబట్టి, పక్కన ఎర్రటి చీర కొంగు పడినా మచ్చ రంగు మారిపోతుంది. అందుకే చుట్టూ తెల్లటి తుండుగుడ్డ పరిచి, ఫ్రేములో మామూలు తెల్ల కాగితం ముక్క ఒకటి ప్రతిసారీ ఉండేలా చూడండి. రెండు ఫొటోల్లో ఆ కాగితం ఒకే తెలుపుగా కనబడకపోతే, ఆ రెండింటి మధ్య రంగులు పోల్చకూడదు.

మంచం మీద వెల్లకిలా, కాళ్ళు చాపి, ప్రతిసారీ అదే భంగిమలో పడుకోండి. నడుముకట్టు గానీ బెల్టు గానీ బిగుతు లోదుస్తులు గానీ తీసేశాక పది పదిహేను నిమిషాలు ఆగండి, లేకపోతే వాటి ఒత్తిడి గీతలే మచ్చ అంచుల్లా పడతాయి. చర్మం మీద కొబ్బరినూనె గానీ ఆయింట్‌మెంట్ గానీ ఉంటే తుడిచేయాలి, నూనె మెరుపు మచ్చ ఉబ్బినట్టు భ్రమ కలిగిస్తుంది. పసుపు రాసే అలవాటు ఉన్న ఇళ్ళలో ఇది ఇంకా ఇబ్బంది. పసుపు మరక చర్మం మీద రోజుల తరబడి నిలిచి అడుగున ఉన్న ఎరుపును కప్పేస్తుంది, పసుపుపచ్చని చీమును పోల్చుకోలేకుండా చేస్తుంది. మానుతున్న కోత మీద పసుపు రాయకపోవడమే మంచిది.

ప్రతి వారం రెండు ఫొటోలు చాలు. మొదటిది పైనుంచి: ఫోన్‌ను చర్మానికి సమాంతరంగా, సుమారు ఒక అడుగు ఎత్తులో పట్టుకుని, మామూలు లెన్స్‌తో, ఫిల్టర్లూ బ్యూటీ మోడ్ వంటివేవీ లేకుండా తీయాలి. మచ్చ పక్కనే, మచ్చను తాకకుండా, మిల్లీమీటర్ గీతలున్న కాగితపు స్కేలు పెట్టాలి. దర్జీ టేపులోంచి కత్తిరించిన ముక్క కూడా పనికొస్తుంది, సాగదు కాబట్టి కాగితం ఇంకా నయం. ఫోకస్ కుదరకపోతే తెర మీద మచ్చ దగ్గర కొద్దిసేపు వేలు నొక్కి ఉంచండి. ఐఫోన్‌లో అప్పుడు AE/AF LOCK అని కనబడుతుంది.

రెండో ఫొటో ఎత్తు కోసం. పైనుంచి తీసిన ఫొటోలో మచ్చ చదునుగా ఉందో ఉబ్బి ఉందో తెలియదు. గదిని కాస్త చీకటి చేసి, ఇంకొకరు టార్చిని పొట్ట చర్మానికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకుంటే, ఉబ్బిన చోట అవతలివైపు సన్నని నీడ పడుతుంది. టార్చి ప్రతిసారీ ఒకే పక్కనుంచి, ఒకే దూరంలో ఉంటే, నీడ వెడల్పు పెరుగుతోందా తగ్గుతోందా అన్నది ఏ వారానికావారం తెలుస్తుంది.

ఫొటోలకు తేదీ, వారం కలిపి పేరు పెట్టుకుంటే వెతుక్కోవడం తేలిక: 2025-06-10_W05_top, 2025-06-10_W05_side అన్నట్టుగా. పొత్తికడుపు ఫొటోలు కుటుంబ ఆల్బమ్‌లోకి, ఆటోమేటిక్ బ్యాకప్‌లోకి వెళ్ళకుండా లాక్ చేసిన ఫోల్డర్‌లో ఉంచండి.

ఫొటోలో పడని వాటికి కాగితం కావాలి. అదే రోజు నోట్‌బుక్‌లో ఒక వరుస రాయండి: నొప్పి సున్నా నుంచి పది లోపు ఎంత, దురద ఎంత, చేతివేళ్ళ వెనకవైపుతో తాకితే పక్క చర్మం కంటే వేడిగా ఉందా, వేలితో మెల్లగా నొక్కితే మెత్తగా ఉందా గట్టిగా ఉందా, ఏదైనా కారిందా. ఈ ఐదింటిని ఏ కెమెరా కూడా చూపలేదు, డాక్టరు మొదట అడిగేవి మాత్రం ఇవే.

ఏ క్రమంలో చదవాలి: అంచు, ఎత్తు, ఆ తర్వాతే రంగు

ఫొటోలు తెరవగానే కన్ను రంగు మీద పడుతుంది. కానీ మూడింటిలో అన్నిటికంటే ఎక్కువగా తప్పుదోవ పట్టించేది రంగే, కాబట్టి దాన్ని చివరికి ఉంచండి.

మొదట అంచు. స్కేలు సాయంతో మచ్చ మొత్తం పొడవు, మూడు చోట్ల వెడల్పు, అంటే ఎడమ కొస, నడిమి భాగం, కుడి కొస కొలిచి రాయండి. అడ్డకోత మచ్చ సాధారణంగా పది నుంచి పదిహేను సెంటీమీటర్ల పొడవు ఉంటుంది, ఆ పొడవు ఇకముందు పెరగకూడదు. వెడల్పు మొదటి రెండు మూడు నెలల్లో ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరగవచ్చు. చర్మం రెండు పక్కలా లాగుతుంటుంది కాబట్టి కొత్త మచ్చ కొంత సాగుతుంది, నిలువుకోత మచ్చ ఇంకొంత ఎక్కువ సాగుతుంది. ఒక మిల్లీమీటరు తేడాను నమ్మకండి, ఫోన్ కొంచెం వంగినా అంత తేడా వస్తుంది. రెండు మూడు వారాల పాటు ఒకే దిక్కుగా సాగిన తేడానే లెక్కలోకి తీసుకోండి.

అంచు విషయంలో అసలు ప్రశ్న ఒకటుంది. ఉబ్బిన భాగం కోసిన గీత మీదనే ఉందా, లేక గీత దాటి, కత్తి తగలని చర్మంలోకి వెళ్ళిందా? గీత హద్దులోనే ఉండి ఉబ్బే మచ్చను డాక్టర్లు హైపర్‌ట్రోఫిక్ మచ్చ అంటారు. అది సాధారణంగా మొదటి రెండు నెలల్లో మొదలై, కొన్ని నెలలు పెరిగి, ఆ తర్వాత తనంతట తానే నెమ్మదిగా చదునవుతుంది. హద్దు దాటి పక్కకు పాకేది కీలాయిడ్. అది మూడు నెలల తర్వాత, కొన్నిసార్లు ఏడాది దాటాక కూడా మొదలవుతుంది, తనంతట తాను తగ్గదు. చామనఛాయ, నల్లని చర్మం ఉన్నవారిలో, ఇంట్లో ఎవరికైనా చెవి కుట్టిన చోట గానీ టీకా వేసిన చోట గానీ కణితిలా పెరిగిన చరిత్ర ఉన్నవారిలో ఇది ఎక్కువ. మీ భుజం మీద టీకా మచ్చ ఎలా ఉందో ఒకసారి చూసుకోండి. అది ఉబ్బి, పీత కాళ్ళలా పక్కకు పాకి ఉంటే ఈ విషయం డాక్టరుకు ముందే చెప్పాలి.

తర్వాత ఎత్తు, అంటే పక్కవెలుగు ఫొటోలో నీడ. ఐదో వారం నుంచి మూడో నెల దాకా నీడ కొంచెం పెరిగి, ఆ తర్వాత ఆగి, ఆరో నెల నుంచి సన్నబడటం ఆశించవలసిన నడక. పన్నెండో వారం దాటాక కూడా ప్రతి నెలా నీడ వెడల్పవుతుంటే అది ఆ నడక తప్పినట్టే.

చివరగా రంగు. తెల్లని చర్మం మీద గులాబీరంగుగా కనబడే ఎరుపు మన చర్మం మీద ఊదాగా, ముదురు గోధుమరంగుగా, ఒక్కోసారి నల్లగా కనబడుతుంది. కాబట్టి ఈ వారం మచ్చను పోయిన వారం మచ్చతో కాక, అదే ఫొటోలో నాలుగు వేళ్ళ దూరంలో ఉన్న మీ మామూలు చర్మంతో పోల్చండి. ఆ తేడా వారం వారం ఎలా మారుతోందో చూడండి. వేలితో నొక్కి వదిలితే క్షణకాలం పాలిపోయి మళ్ళీ రంగు తిరిగొచ్చేది రక్తనాళాల ఎరుపు, అది నెలల్లో తగ్గుతుంది. నొక్కినా మారనిది చర్మంలో పేరుకున్న నల్లరంగు, అది వాడిపోవడానికి ఏడాది పైన పట్టవచ్చు. ఆ నలుపు చూడటానికి బాధగా ఉంటుందే కానీ ప్రమాద సూచన కాదు. గర్భం వల్ల బొడ్డు కింద ఏర్పడిన నల్లగీత మచ్చ దగ్గరికి వచ్చి కలిసినచోట ఇంకా ముదురుగా కనబడుతుంది, దాన్ని మచ్చ పాకినట్టు పొరపడకండి.

ఒక ఉదాహరణ

పదమూడు సెంటీమీటర్ల అడ్డకోత ఉన్న ఒక బాలింత నోట్‌బుక్‌ను ఊహించుకుందాం. మూడో వారంలో మచ్చ అంతటా రెండు మిల్లీమీటర్ల వెడల్పు, నీడ లేదు, దురద ఒకటి, నొప్పి రెండు. నాలుగో వారం ఫొటోలో మచ్చ ఒక్కసారిగా నల్లబడినట్టు కనబడింది. కానీ ఫ్రేములోని తెల్ల కాగితం కూడా పసుపుపచ్చగా ఉంది. ఆ రోజు మబ్బు పట్టిందని లైటు వేసి తీశారు. అంచు మారలేదు, నీడ లేదు, తాకితే వేడి లేదు. కాబట్టి ఆ ఫొటోలోని రంగును పక్కన పెట్టి, మర్నాడు కిటికీ వెలుగులో మళ్ళీ తీస్తే మూడో వారం రంగే వచ్చింది.

ఆరో వారంలో కుడి కొస వైపు మూడు సెంటీమీటర్ల మేర నీడ మొదలైంది. అక్కడ వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు, దురద నాలుగు. ఎడమ సగం అలాగే చదునుగా ఉంది. ఉబ్బు గీత హద్దులోనే ఉంది, వేడి లేదు, రసి లేదు, జ్వరం లేదు. ఇది పరుగెత్తవలసిన స్థితి కాదు, అలాగని వదిలేయవలసినదీ కాదు. ప్రసవం తర్వాతి తనిఖీకి ఎలాగూ వెళ్ళేది ఆ వారమే కాబట్టి ఆమె ఫొటోలు వెంట తీసుకువెళ్ళి చూపించింది. డాక్టరు సిలికాన్ షీటు వాడమన్నారు. పూర్తిగా మూసుకున్న చర్మం మీదనే దాన్ని అంటించాలి, రోజుకు కనీసం పన్నెండు గంటలు ఉంచాలి, రోజూ తీసి షీటునూ చర్మాన్నీ కడిగి ఆరబెట్టాలి, రెండు మూడు నెలలు వాడాలి. మన వేసవిలో షీటు కింద చెమటపొక్కులు వస్తే ఒకటి రెండు రోజులు ఆపి, చర్మం సర్దుకున్నాక మొదలుపెట్టాలి.

ఎనిమిదో వారంలో కుడి కొస ఐదు మిల్లీమీటర్లు. పదో వారంలోనూ ఐదే. పద్నాలుగో వారంలో దురద రెండుకు దిగింది, నీడ సన్నబడింది. రంగు మాత్రం ఇంకా ముదురుగానే ఉంది, కానీ మిగతా రెండూ సరైన దిక్కుగా నడుస్తున్నాయి కాబట్టి రంగు గురించి ఆగవచ్చు.

ఇదే నోట్‌బుక్‌ను ఇంకొక విధంగా ఊహించండి. ఎనిమిదో వారంలో ఐదు, నాలుగో నెలలో ఏడు, ఐదో నెలలో తొమ్మిది మిల్లీమీటర్లు. మొత్తం పొడవు పదమూడు నుంచి పదమూడున్నర సెంటీమీటర్లు అయింది, అంటే కుడి కొస దగ్గర మచ్చ కోయని చర్మంలోకి అర సెంటీమీటరు వెళ్ళింది. దురద రాత్రిళ్ళు నిద్ర చెడగొడుతోంది, బట్ట రాసుకుంటే సూదులు గుచ్చినట్టుంది. ఇక సిలికాన్‌తో సరిపెట్టుకుని ఎదురుచూడకూడదు, చర్మవ్యాధుల నిపుణులకు చూపించాలి. మచ్చ లోపలికి వారాల విరామంతో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు సాధారణంగా మొదటి చికిత్స. మచ్చ చిన్నగా ఉన్నప్పుడు అవి బాగా పనిచేస్తాయి. వాటివల్ల చర్మం పలచబడటం, తెల్లబడటం జరగవచ్చు, కాబట్టి నిపుణుల చేతనే వేయించుకోవాలి, బిడ్డకు పాలిస్తున్న సంగతి చెప్పాలి. కీలాయిడ్‌ను కోసి తీసేస్తే పోతుందని ఎవరైనా చెబితే తొందరపడకండి. వేరే చికిత్స జోడించకుండా ఊరికే కోసి తీస్తే అది చాలాసార్లు మళ్ళీ పెరుగుతుంది, కొన్నిసార్లు ముందుకంటే పెద్దదిగా.

ఫొటో కోసం ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళవలసినవి

కొన్ని మార్పులకు వచ్చే మంగళవారం దాకా ఆగకూడదు. కోత చుట్టూ ఎరుపు లేదా ఊదారంగు ముదిరి వెడల్పవుతుండటం, తాకితే వేడి, రోజురోజుకూ తగ్గవలసిన నొప్పి పెరగడం, చిక్కటి లేదా వాసన వేసే ద్రవం, కోత అంచులు విడిపోయి లోపలి కండ కనబడటం, 38 డిగ్రీల సెల్సియస్ అంటే 100.4 ఫారన్‌హీట్ దాటిన జ్వరం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్ళండి. మచ్చ శుభ్రంగా ఉండి జ్వరం మాత్రమే ఉన్నా వెళ్ళాలి. బాలింతకు జ్వరం గర్భసంచిలోనో రొమ్ములోనో మూత్రంలోనో అంటు వల్ల కూడా రావచ్చు, ఫొటో వాటిని చూపదు.

ఎరుపు వెడల్పవుతోందా లేదా అన్న అనుమానం వస్తే బాల్‌పెన్నుతో దాని అంచు వెంట చర్మం మీదనే గీత గీసి, పక్కన టైము రాయండి. ఆసుపత్రుల్లోనూ ఇలాగే చేస్తారు. రెండు మూడు గంటల తర్వాత రంగు గీత దాటి ఉంటే అనుమానం అక్కర్లేదు. ముదురు చర్మం మీద అంచు స్పష్టంగా తెలియకపోతే వేడి ఎంతవరకు ఉందో వేళ్ళ వెనకవైపుతో తడిమి, ఆ హద్దు గీయండి.

ఒక్కటి మాత్రం అన్నిటికంటే అత్యవసరం. పైకి కనబడే దానికి పొంతన లేనంత తీవ్రమైన నొప్పి, చర్మం బూడిదరంగుకో నల్లటి ఊదాకో మారడం, నీటిబొబ్బలు, గంటల్లోనే పాకడం, మనిషి నీరసించిపోయి మగతగా ఉండటం. ఇది చర్మం కింది పొరలను కుళ్ళబెట్టే అరుదైన అంటు కావచ్చు. గీత గీసి ఎదురుచూడటానికి కూడా వ్యవధి లేదు, అర్ధరాత్రయినా 108కు ఫోన్ చేసి పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి.

మానిన మచ్చ మళ్ళీ మాట్లాడితే

పూర్తిగా మూసుకున్నాక మచ్చ మీద కొత్తగా ఏది పుట్టినా దాన్ని మానే ప్రక్రియలో భాగంగా తీసుకోకూడదు. మొదటి రెండు నెలల్లో ఒకచోట చిన్న మొటిమలాంటిది లేచి, పగిలి, అందులోంచి దారపు ముక్క తొంగిచూడవచ్చు. అది కరగని కుట్టును శరీరం బయటికి నెట్టడం, సాధారణంగా ప్రమాదం కాదు. కానీ దాన్ని ఇంట్లో లాగకుండా ఆసుపత్రిలో తీయించుకోండి.

అలాకాక, నెల దాటిన తర్వాత మచ్చ మీదో పక్కనో నొప్పి పెద్దగా లేని గట్టి కణుపులు ఒకటి తర్వాత ఒకటి లేచి, పగిలి, పలచటి ద్రవం కారుస్తూ, మామూలు యాంటీబయాటిక్ వాడితే తగ్గి ఆపగానే తిరగబెడుతుంటే, అది క్షయ క్రిమి జాతికే చెందిన, క్షయ కాని క్రిముల వల్ల కావచ్చు. మన దేశంలో లాపరోస్కోపీ చేసిన చోట్ల ఇది బాగా తెలిసిన సమస్య, ఇతర కోతల్లోనూ వస్తుంది. ఇలాంటప్పుడు మూడోసారి అదే మాత్రలు కొనుక్కోవడం వల్ల నెలలు పోతాయి. ద్రవాన్ని, కండ ముక్కను ఆ క్రిముల కోసం ప్రత్యేకంగా పరీక్ష చేయించమని అడగండి. ఏ తేదీన ఏ కణుపు లేచిందో మీ ఫొటోలు అక్కడ సాక్ష్యంగా పనికొస్తాయి.

నెలలు, ఏళ్ళు గడిచాక మచ్చ దగ్గర ఒక గడ్డ తగిలి, అది నెలసరి రోజుల్లో నొప్పి పెట్టి, ఉబ్బి, తర్వాత తగ్గుతుంటే అది గర్భసంచి లోపలి పొర కణాలు మచ్చలో నాటుకున్న స్థితి కావచ్చు, దాన్ని స్కార్ ఎండోమెట్రియోసిస్ అంటారు. వారపు ఫొటోలు ఆగిపోయి చాలాకాలమై ఉంటుంది కనుక ఇక్కడ పద్ధతి మార్చాలి: నెలసరి రెండో రోజున ఒక ఫొటో, ముగిసిన వారానికి ఒక ఫొటో, రెండింటి పక్కన నొప్పి అంకె, ఇలా మూడు నెలలు రాసుకుంటే గైనకాలజిస్టుకు సగం పని అక్కడే అయిపోతుంది. దగ్గినప్పుడు, లేచి కూర్చున్నప్పుడు ఉబ్బి, పడుకుంటే లోపలికి పోయే గడ్డ అయితే హెర్నియా కావచ్చు, దాన్ని సర్జన్‌కు చూపించాలి. ఆ ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పితో వాంతులు మొదలైతే అది కూడా అదే రోజు వెళ్ళవలసిన విషయమే.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఫోన్‌లో యాభై ఫొటోలు జరుపుతూ కూర్చోకుండా నాలుగు ఎంచుకోండి: మచ్చ అన్నిటికంటే బాగున్న వారం, మార్పు మొదటిసారి కనబడిన వారం, ఆ రెండింటి మధ్యది, ఈ వారానిది. వాటి పక్కన నోట్‌బుక్ వరుసలు చూపించండి. వాట్సాప్‌లో పంపమంటే ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే అది ఫొటోను కుదించి మిల్లీమీటరు గీతలను చెరిపేస్తుంది.